ప్రెస్సు ఆయనకి రాసే ఉత్తరం

విజయవాడ,
15 డిసెంబర్ 2025

తమ్ముడూ,

నీ మెసేజ్ చూశాను. ప్రెస్సు ఆయనకి పంపకముందే నాకు చూపించావు, అది మంచిదైంది. "పని చేతకాకపోతే ఒప్పుకోకూడదు. నా మొదటి పుస్తకాన్ని నాశనం చేశారు. డబ్బులు మాత్రం టైముకి అడుగుతారు. ఇది పచ్చి మోసం. వెంటనే అన్నీ మార్చి ఇవ్వకపోతే నేనేంటో చూపిస్తాను." ఐదు వాక్యాలు. ఎన్ని కాపీలు పాడయ్యాయో వాటిలో లేదు. ఏ పేజీలు పోయాయో లేదు. ఎప్పటికి కావాలో లేదు. "వెంటనే" ఉంది కదా అంటావేమో. డిసెంబర్ నెలలో క్యాలెండర్లు, డైరీల పనిలో మునిగి ఉన్న ప్రెస్సులో "వెంటనే" అంటే సంక్రాంతి వెళ్ళాక అని కూడా అర్థం.

నేనూ ఇలాంటిదే ఒకటి రాశాను, నా రెండో కథల పుస్తకం అప్పుడు. మూడు పేజీల ఇన్‌లాండు ఉత్తరం, మార్జిన్లో కూడా తిట్లే. నాలుగో రోజు జవాబొచ్చింది. తన అనుభవం ఎన్నేళ్ళదో, ఎంత పెద్దవాళ్ళ పుస్తకాలు వేశాడో, ఇలా ఎవరూ ఎప్పుడూ అనలేదని కూడా, అన్నీ రాశాడాయన. ఊడిపోతున్న అట్టల గురించి ఒక్క ముక్క లేదు. ఎందుకుంటుంది? నేను అడిగింది ఆయన పరువు గురించి, ఆయన చెప్పిందీ దాని గురించే. ఆ అట్టలు చివరికి నేనే ఫెవికాల్ పెట్టి అతికించుకున్నాను.

అందుకే నీ ఉత్తరంలో ఆయన జవాబివ్వడానికి లెక్క తప్ప ఇంకేమీ ఉండకూడదు.

ముందు లెక్క సంగతి. ఫోన్లో నువ్వు చెప్పినదాన్నిబట్టి కొన్ని కాపీల్లో 80వ పేజీ తర్వాత మళ్ళీ 65 వస్తోంది, ఆ తర్వాత ఏకంగా 97. నీ పుస్తకం 160 పేజీలు, అంటే ఒక్కో పెద్ద కాగితం మడతపెడితే వచ్చే 16 పేజీల ఫారాలు పది. 65 నుంచి 80 దాకా ఐదో ఫారం, 81 నుంచి 96 దాకా ఆరోది. ఫారాలు వరుసలో పేర్చేటప్పుడు ఆరో దొంతరలో ఐదో ఫారం కాగితాలు కొన్ని కలిసిపోయాయి. ఒకచోట జరిగిన పొరపాటు అది. మోసం చేసేవాడు 16 పేజీలు రెండుసార్లు వేసి నష్టపోడు కదా. కాబట్టి "మోసం" అన్న మాట మర్యాద కోసం కాదు, నిజం కాదు గనక కొట్టెయ్యి. "నాశనం చేశారు" కూడా అంతే. నువ్వు తిప్పి చూసిన 470 కాపీల్లో 41 పాడయ్యాయి, 429 బాగున్నాయి.

ఇక నేను రాసిన చిత్తుప్రతి ఇది. నీ మాటల్లోకి మార్చుకో.

"నమస్కారం అండి. ఈ నెల 13న పంపిన 500 కాపీలు అందాయి. ముఖచిత్రం, అచ్చు చక్కగా వచ్చాయి.

నా దగ్గరున్న 470 కాపీలూ తిప్పి చూశాను. 41 కాపీల్లో 65 నుంచి 80 వరకు పేజీలు రెండుసార్లు ఉన్నాయి, 81 నుంచి 96 వరకు లేవు. నాలుగు కాపీల ఫొటోలు జతచేశాను. కాపీలన్నీ ఇంట్లోనే ఉంచాను, మీ మనిషి వచ్చి చూసుకోవచ్చు.

జనవరి 4న ఆవిష్కరణ పెట్టుకున్నాం. అందుకని 41 కొత్త కాపీలు డిసెంబర్ 29 సోమవారం సాయంత్రం 5 గంటలకల్లా మా ఇంటికి చేరాలి. పాతవాటిని విప్పి మళ్ళీ అతికించినవి వద్దు. ఆఫ్‌సెట్‌లో వేస్తారా, డిజిటల్‌లో వేస్తారా అన్నది మీ వీలు. కాగితం రంగు కొంచెం తేడాగా ఉన్నా ఫర్వాలేదు. ఈ నెలలో మీకు పని ఒత్తిడి ఎక్కువని తెలుసు, అందుకే రెండు వారాల గడువు పెట్టాను. ఏ రోజు పంపుతున్నారో డిసెంబర్ 18 గురువారం సాయంత్రం 5 గంటలకల్లా మెసేజ్‌లో చెప్పండి.

బాకీ 15,000 రూపాయల్లో 11,310 ఈ రోజే పంపాను. మిగిలిన 3,690 కొత్త కాపీలు అందిన రోజే పంపుతాను. 18కి జవాబు రాకపోయినా, 29కి కాపీలు చేరకపోయినా ఆ 41 కాపీలు బయట వేయించుకుంటాను. అప్పుడు ఈ 3,690 ఆ ఖర్చుకి పోతుంది."

ఇందులో మెత్తదనం ఎక్కడుందో చూడు. పలకరింపులో ఉంది, ఒత్తిడి తెలుసు అన్న మాటలో ఉంది, ఎలా వేయాలో ఆయనకే వదిలేయడంలో ఉంది. "కొంచెం" అన్న మాట కాగితం రంగు దగ్గర వాడాను, తారీఖు దగ్గర వాడలేదు. "కొంచెం 29కల్లా చూడండి" అని రాసి ఉంటే 29 కాస్తా జనవరి అయిపోయేది. మన భాషలో ఇంకో సదుపాయం ఉంది. "మీరు ఆరో ఫారం వేయడం మర్చిపోయారు" అనక్కర్లేదు, "41 కాపీల్లో ఆరో ఫారం లేదు" అంటే చాలు. వాక్యంలో కర్త లేకపోయినా ఎవరికీ వెలితిగా అనిపించదు. తప్పు ఎవరిదో ఆయనకి తెలుసు, నువ్వు వేలు పెట్టి చూపించనక్కర్లేదు. అయితే ఈ సదుపాయాన్ని అడిగే దగ్గర వాడకు. "కాపీలు మార్చబడితే బాగుంటుంది" అని రాస్తే ఎవరు మార్చాలో, ఎప్పుడు మార్చాలో రెండూ ఎగిరిపోతాయి.

ఆఫీసు ఉత్తరాల్లో కనిపించే "పంపగలరు" అన్న మాట నాకు మొదటినుంచీ నచ్చదు. పంపే శక్తి ఆయనకి ఉందని చెబుతున్నామా, పంపమని అడుగుతున్నామా? "పంపగలరా?" అంతకన్నా నయం కాదు, "లేను" అనడానికి దారి చూపించే ప్రశ్న అది. "చేరాలి" అని రాయి. ఆ మాట మొరటుగా ఉంటుందని నీకు భయం. ముందు ఆవిష్కరణ తేదీ చెప్పి, ఆ వెంటనే "అందుకని" అన్నాక "చేరాలి" అంటే అది నీ దబాయింపులా ఉండదు, క్యాలెండర్ చెప్పిన మాటలా ఉంటుంది.

"సోమవారం లోపు" అన్న మాటతో కూడా జాగ్రత్త. సోమవారం కలిపా, ఆదివారంతో ఆఖరా అన్నది ఇద్దరికీ చెరొకలా అర్థమవుతుంది. తారీఖు, వారం, గంట మూడూ ఉండాలి. గడువులు రెండు పెట్టింది ఎందుకంటే, ఒక్క 29 మాత్రమే ఉంటే 29 రాత్రి దాకా ఆయన మౌనంగా ఉండొచ్చు, అప్పటికి నీ చేతిలో ఆరు రోజులు కూడా మిగలవు. 18న జవాబు రాలేదంటే ఇంకోచోట వేయించుకోవడానికి నీకు పదిరోజుల పైనే ఉంటుంది. మొదట నేను "వీలవుతుందో లేదో 18కి చెప్పండి" అని రాసి కొట్టేశాను. "ఏ రోజు పంపుతున్నారో" అని అడిగాను. తేడా నీకే తెలుస్తుంది.

"విప్పి అతికించినవి వద్దు" అన్న వాక్యం మాత్రం ఎవరెంత చెప్పినా తీయకు. "సరిచేసి ఇవ్వండి" అని ఊరుకుంటే చాలామంది చేసే పని, అట్ట పీకేసి, ఆరో ఫారం దూర్చి, మళ్ళీ జిగురు పెట్టడం. పర్ఫెక్ట్ బైండింగ్‌లో జిగురు పట్టడానికి వెన్నును ఒకసారి అప్పటికే కోసి ఉంటారు. రెండోసారి కోసి, మూడు పక్కలా మళ్ళీ ట్రిమ్మింగ్ చేస్తే పుస్తకం నాలుగైదు మిల్లీమీటర్లు చిక్కిపోతుంది, లోపలి మార్జిన్ వెన్నులోకి వెళ్ళిపోతుంది. మంచి కాపీ పక్కన పెడితే చిన్నపిల్లాడి చొక్కాలా కనిపిస్తుంది. ఆయన చేసింది తప్పని కూడా అప్పుడు అనలేవు, సరిచేయమన్నది నువ్వే.

డబ్బు సంగతి దగ్గర నువ్వు నాతో ఒప్పుకోవని తెలుసు. 15,000 మొత్తం ఆపుదామంటావు. ఆపొచ్చు, కానీ 429 మంచి కాపీల డబ్బు ఆపావంటే ఆయన దృష్టిలో నువ్వు బాకీ ఎగ్గొట్టడానికి వంక వెతికేవాడివి. కాపీ 90 రూపాయల చొప్పున 41కి 3,690. అంతే ఆపు, మిగతాది ఉత్తరంతోపాటే పంపెయ్యి. ఎంత మెత్తటి మాట రాసినా 11,310 రూపాయలు అకౌంట్లో పడినంత మెత్తగా ఉండదు. చివర చెప్పిన పర్యవసానం కూడా నీ చేతిలో ఉన్నదే, ఎవరి దయా అక్కర్లేదు. కన్స్యూమర్ కోర్టు పేరు మొదటి ఉత్తరంలో ఎత్తకు. అమ్మకానికి వేసుకున్న పుస్తకం కాబట్టి అసలు నువ్వు వినియోగదారుడివేనా అన్న దగ్గరే వాదన మొదలవుతుంది, అది తేలేలోపు జనవరి 4 వెళ్ళిపోతుంది.

ఉత్తరం అందగానే ఆయన బహుశా ఫోన్ చేసి "చేసేద్దాం సార్, టెన్షన్ పడకండి" అంటాడు. సంతోషంగా మాట్లాడు. ఫోన్ పెట్టేశాక ఐదు నిమిషాల్లో "ఇందాక అనుకున్నట్టు 29 సాయంత్రానికి 41 కాపీలు, థాంక్స్ అండి" అని మెసేజ్ పెట్టు. రెండు రోజులు ఎక్కువ అడిగితే ఊరికే ఒప్పుకోకు. 29కి 20 కాపీలు చేర్చమను, మిగతావి 31కి ఇవ్వమను. కొత్తవి చేతికొచ్చేదాకా పాత కాపీలు వదలకు.

ఉంటాను. ఆశీస్సులతో,
నీ అన్నయ్య

తా.క. ఉత్తరం మడతపెట్టబోతూ, నువ్వు మొన్న ఇచ్చిన కాపీ చదువుదామని తీశాను. నీ రెండో కథలో ఆ పిల్ల రైల్వే స్టేషన్‌కి పరిగెత్తుతోంది, 80వ పేజీ తిప్పితే మళ్ళీ 65. రైలు అందిందో లేదో నాకు తెలియలేదు. కాబట్టి లెక్క 42. ఆపాల్సింది 3,780, పంపాల్సింది 11,220. నువ్వు పంచిపెట్టిన మిగతా 29 మందికీ ఈ రోజే ఫోన్ చెయ్యి. "పంచిన కాపీల్లో ఇంకేవైనా బయటపడితే డిసెంబర్ 20కల్లా సంఖ్య చెబుతాను" అని ఉత్తరంలో ఒక వాక్యం కలుపు.