ఒక్క శాతం ఎక్స్‌పెన్స్ రేషియో 25 ఏళ్లలో ఎంత తింటుంది?

ప్రశ్న: "ఒక మ్యూచువల్ ఫండ్ రెగ్యులర్ ప్లాన్‌లో నెలకు 10,000 సిప్ కడుతున్నాను. డైరెక్ట్ ప్లాన్‌కీ దీనికీ ఎక్స్‌పెన్స్ రేషియోలో తేడా 1 శాతమే, అదేం పెద్ద లెక్క కాదు అంటున్నారు మా ఏజెంటు గారు. 25 ఏళ్లకి నిజంగా ఎంత తేడా వస్తుంది?"

సుమారు 21 లక్షలు. ఈ 25 ఏళ్లలో మీ జేబులోంచి వెళ్లేది మొత్తం 30 లక్షలేనని గుర్తుపెట్టుకుని ఆ అంకె ఇంకోసారి చూడండి.

ఎక్స్‌పెన్స్ రేషియో అంటే ఫండ్ నడిపే ఖర్చుల కింద ఏటా మీ సొమ్ములోంచి తీసే శాతం. రెగ్యులర్ ప్లాన్ ఏజెంటు ద్వారా కొనేది, డైరెక్ట్ ప్లాన్ మధ్యవర్తి లేకుండా కొనేది. లెక్క ఇలా వేశాను. ఫండ్ కొన్న షేర్లు ఖర్చులు తీయకముందు ఏడాదికి 12 శాతం పెరుగుతున్నాయి అనుకుందాం. డైరెక్ట్ ప్లాన్ ఖర్చు 1 శాతం, రెగ్యులర్ ప్లాన్ ఖర్చు 2 శాతం. అంటే మీ చేతికి అందే వృద్ధి ఒకదాంట్లో 11, ఇంకోదాంట్లో 10. మార్కెట్ ఏటా ఒకేలా పెరగదు, నిజమే. కానీ రెండు ప్లాన్ల వెనకా ఉన్నవి అవే షేర్లు కాబట్టి ఒకదానితో ఇంకోదాన్ని పోల్చడానికి ఈ ఊహ చాలు. 300 వాయిదాలయ్యాక డైరెక్ట్‌లో 1 కోటి 45 లక్షల 35 వేల దాకా, రెగ్యులర్‌లో 1 కోటి 24 లక్షల 32 వేల దాకా ఉంటుంది. ఎక్సెల్‌లో మీరే చూసుకోవచ్చు:

```
=FV(1.11^(1/12)-1, 300, -10000, 0, 1)
=FV(1.10^(1/12)-1, 300, -10000, 0, 1)
```

ఫార్ములా చివరి 1 అంటే వాయిదా నెల మొదట్లో కడుతున్నారని. మొదటి భాగంలో 12వ మూలం తీయడం ముఖ్యం. ఆన్‌లైన్‌లో కనిపించే సిప్ కాలిక్యులేటర్లు చాలావరకు 11 శాతాన్ని సింపుల్‌గా 12తో భాగించి పారేస్తాయి. అలా చేస్తే ఏడాదికి పడేది 11 కాదు, 11.57 శాతం. పైన ఉన్న 1.45 కోట్లు కాస్తా 1.59 కోట్లు అయిపోతాయి. ఏ కష్టమూ లేకుండా కాగితం మీద 13 లక్షల పైచిలుకు పుట్టించేస్తాయి. ఖర్చుల మాట అటుంచి, ముందు ఆ కాలిక్యులేటర్లనే సరిచేయాలి.

ఇక మీ ఏజెంటు గారి మాటకొద్దాం. ఆయన అబద్ధం చెప్పలేదు, మొదటి కొన్నేళ్ల సంగతి చెప్పారంతే. ఏడాది తిరిగేసరికి రెండు ప్లాన్ల మధ్య తేడా దాదాపు 630 రూపాయలు. ఇంట్లో ఒక నెల కరెంటు బిల్లు అంత కూడా ఉండదు. పదేళ్లకి అది లక్షా పది వేలు. 20 ఏళ్లకి 9 లక్షల 16 వేలు. 25 ఏళ్లకి 21 లక్షలు. మొదటి ఇరవై ఏళ్లలో పోయినదానికంటే చివరి ఐదేళ్లలో పోయేదే ఎక్కువ, దాదాపు 12 లక్షలు. స్టేట్‌మెంట్‌లో ఈ తేడా కంటికి కనిపించేసరికే చాలా ఆలస్యమైపోతుంది.

ఎందుకిలా అంటే, ఎక్స్‌పెన్స్ రేషియో మీ లాభం మీద పడదు, ఆ నెల కట్టిన 10,000 మీద కూడా పడదు. మొత్తం నిల్వ మీద పడుతుంది, ప్రతి ఏడాదీ పడుతుంది. సిప్ ఎప్పుడూ 10,000 దగ్గరే ఉంటుంది, నిల్వ మాత్రం పెరుగుతూ పోతుంది. రెగ్యులర్ ప్లాన్‌లో మీ నిల్వ 1 కోటి 20 లక్షలు దాటే రోజు ఊహించుకోండి, మన లెక్కలో అది 25వ ఏడాదిలో వస్తుంది. ఆ నిల్వ మీద ఆ అదనపు 1 శాతం ఎంత? లక్షా ఇరవై వేలు. మీరు ఏడాదంతా కట్టే సిప్ ఎంత? అదీ లక్షా ఇరవై వేలే. అంటే ఆ ఏడాది నెలనెలా మీరు కట్టే పన్నెండు వాయిదాలంత సొమ్ము ఇటు లోపలికొస్తుంటే అటు బయటికి పోతుంది. ఒక్క శాతం అన్న మాట వినడానికి చిన్నది, కాబట్టే ఎవరూ దాన్ని రూపాయల్లోకి మార్చి చూడరు.

కోత ఎక్కడ పడుతుందో కూడా కనిపించదు. బ్యాంకు ఛార్జీలకైతే ఎస్ఎంఎస్ వస్తుంది, దీనికి రాదు. ఏడాది ఖర్చులో ఒక రోజు వాటాను ఫండ్ ఆస్తుల్లోంచి తీసేసి, మిగిలినదాన్నిబట్టే ఆ రోజు ఎన్ఏవీ, అంటే ఒక్కో యూనిట్ విలువ, ప్రకటిస్తారు. మార్కెట్ పడిన రోజు కూడా తీస్తారు, ఏడాదంతా నష్టమొచ్చినా తీస్తారు. ఇక్కడే చాలామంది ఇంకో పొరపాటు చేస్తారు. ఫ్యాక్ట్‌షీట్‌లో ఫండ్ ఐదేళ్ల రాబడి 13 శాతం అని చూసి, అందులోంచి మళ్లీ ఖర్చు 1 శాతం తీసేసి 12 అనుకుంటారు. ఎన్ఏవీ అంటేనే ఖర్చులు పోగా మిగిలినది, కాబట్టి ఆ 13 లోంచి ఖర్చు ముందే పోయింది. అయితే ఆ పేజీలో ఉన్నది రెగ్యులర్ ప్లాన్ రాబడా, డైరెక్ట్ ప్లాన్‌దా అని మాత్రం తప్పకుండా చూడాలి.

మరి ఆ అదనపు శాతం ఎటు పోతుంది? ఎక్కువ భాగం ట్రెయిల్ కమిషన్‌గా, అంటే మీరు ఫండ్‌లో ఉన్నన్నాళ్లూ ఇచ్చే కమిషన్‌గా, డిస్ట్రిబ్యూటర్‌కి, అంటే మీ ఏజెంటుకో, బ్యాంకుకో, మీరు వాడే యాప్‌కో వెళ్తుంది. పూర్వం ఎంట్రీ లోడ్ పేరుతో కొనేటప్పుడే కొంత కోసేవారు. 2009 ఆగస్టు 1 నుంచి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దాన్ని ఎత్తేసింది. 2013 జనవరి 1 నుంచి ప్రతి ఫండూ మధ్యవర్తి లేని డైరెక్ట్ ప్లాన్ కూడా ఇచ్చి తీరాలి. ఫండ్ మేనేజరు అదే మనిషి, షేర్లు అవే. డైరెక్ట్ ఎన్ఏవీ ఎక్కువ, యూనిట్లు తక్కువొస్తాయి కాబట్టి అది ఖరీదైనది అనే వాదన ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఎన్ఏవీ ఎక్కువగా ఉండటానికి కారణం ఇన్నేళ్లుగా దాంట్లోంచి తక్కువ కోయడమే.

ఏజెంటుకి ఏమీ ఇవ్వకూడదని నా ఉద్దేశం కాదు. 2020 మార్చిలో మార్కెట్ కుప్పకూలినప్పుడు సిప్ ఆపేయబోతున్నవాణ్ణి చేయి పట్టుకుని ఆపిన ఏజెంటు తన కమిషన్ సంపాదించుకున్నట్టే. నాకు నచ్చనిది ఆ జీతం లెక్కగట్టే పద్ధతి. నిల్వ 10 లక్షలున్నప్పుడు ఏడాదికి పది వేలు, కోటి ఉన్నప్పుడు లక్ష. పని మాత్రం పదింతలు కాదు. సలహా కావాలంటే సెబీ దగ్గర ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌గా నమోదై, ఏడాదికి ఇంతని ఫీజు తీసుకునేవాళ్లున్నారు. వాళ్లకి ఫీజు ఇచ్చి డైరెక్ట్‌లో ఉంటే ఆ ఖర్చు ఎంతో మీ కళ్లముందే ఉంటుంది.

మీ ఫండ్‌లో తేడా సరిగ్గా 1 శాతమే ఉండాలని లేదు. ముందు అది తేల్చుకోండి. ఫండ్ కంపెనీ వెబ్‌సైట్‌లో ప్రతి స్కీముకీ రెండు ప్లాన్ల టీఈఆర్, అంటే మొత్తం ఎక్స్‌పెన్స్ రేషియో, ఉంటుంది. అది మారే ముందు ఈమెయిల్ కూడా పంపుతారు, మనమే చదవకుండా తుడిచేస్తాం. తేడా 0.6 శాతమే అయితే పైన చెప్పిన 21 లక్షలు 13 లక్షలకు తగ్గుతాయి. మీరు ఏ ప్లాన్‌లో ఉన్నారన్న అనుమానముంటే ఫండ్ల ఖాతాల లెక్కలు చూసే రిజిస్ట్రార్ల దగ్గర, అంటే కామ్స్ నుంచో, మన హైదరాబాద్ కంపెనీ కెఫిన్‌టెక్ నుంచో కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్ తెప్పించుకుని స్కీము పేరులో `Direct` అని ఉందో లేదో చూడండి. మధ్యవర్తి ఉంటే ఫోలియో దగ్గర `ARN` తో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఆరు నెలలకోసారి వచ్చే స్టేట్‌మెంట్‌లో మీ పెట్టుబడి మీద డిస్ట్రిబ్యూటర్‌కి ముట్టిన కమిషన్ రూపాయల్లోనే వేస్తారు. శాతాల్లో మాట్లాడే ఏజెంటు ముందు పెట్టాల్సింది ఆ పేజీ.

మారాలనుకుంటే ఒక్క దెబ్బతో మొత్తం స్విచ్ కొట్టకండి. ఒకే ఫండ్‌లో రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కి మారినా పన్ను లెక్కలో అది అమ్మి మళ్లీ కొన్నట్టే. ముందు చేయాల్సింది పాత సిప్ ఆపి, అదే రోజు డైరెక్ట్‌లో కొత్త సిప్ మొదలుపెట్టడం. దీనికి పైసా పన్ను లేదు. పాత యూనిట్లను తర్వాత నిదానంగా కదపండి. ఏడాది నిండని వాయిదాల జోలికి వెళ్లొద్దు. వాటిమీద సాధారణంగా 1 శాతం ఎగ్జిట్ లోడ్ అనే ముందే బయటికొచ్చినందుకు కోత, ఈక్విటీ ఫండ్ అయితే లాభంమీద 20 శాతం పన్ను పడతాయి. ఏడాది దాటినవాటికి, ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, పైదానికి 12.5 శాతం, దానిమీద 4 శాతం సెస్.

ఏడాది దాటిన యూనిట్లు 10 లక్షల విలువ చేస్తున్నాయి, అందులో లాభం 4 లక్షలు, వేరే చోట ఈక్విటీ లాభాలేమీ లేవు అనుకుందాం. ఒకేసారి మారిస్తే 2.75 లక్షల మీద పన్ను, సెస్‌తో కలిపి 35,750. సగం మార్చి నెలలో, సగం ఏప్రిల్‌లో మారిస్తే రెండు ఆర్థిక సంవత్సరాల మినహాయింపూ వాడుకోవచ్చు, పన్ను 19,500 దగ్గర ఆగుతుంది. నెల తేడాలో 16,250 మిగిలింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. యూనిట్లు కొన్న వరుసలోనే, పాతవి ముందు అమ్ముడవుతాయి. లాభం పాతవాటిలోనే ఎక్కువ కాబట్టి సగం విలువ అమ్మితే సగం లాభమే వస్తుందనుకోకండి. రిజిస్ట్రార్ దగ్గర క్యాపిటల్ గెయిన్స్ స్టేట్‌మెంట్ తీసి, ఎన్ని యూనిట్లకి లాభం 2 లక్షలు అవుతుందో చూసుకుని ఆ అంకె వేయండి. ఇది పన్ను ఆదా చేసే ఈఎల్ఎస్ఎస్ ఫండ్ అయితే ప్రతి వాయిదాకీ విడిగా మూడేళ్ల లాకిన్ ఉంటుంది, అది తీరిన యూనిట్లు మాత్రమే కదులుతాయి.