నాలుగు పిల్లర్లు ఉన్నా పోస్టుకు విషయం ఎందుకు దొరకదు?

ప్రశ్న: సర్, డిగ్రీ అయ్యాక ఉద్యోగంలో చేరకుండా ఒక చిన్న యాప్ మొదలుపెట్టాను. ఫ్రీలాన్స్ డిజైనర్లు ఇన్‌వాయిస్‌లు పంపడానికి, డబ్బు రాకపోతే క్లయింట్‌కు గుర్తు చేయడానికి పనికొస్తుంది. అంతా నేనొక్కదాన్నే చూసుకుంటాను. లింక్డ్‌ఇన్‌లో వారానికి మూడు పోస్టులు పెట్టాలనుకున్నాను. రెండు నెలలు బాగానే సాగింది. ఇప్పుడు ఆదివారం సాయంత్రం అయితే చాలు, రేపు ఏం రాయాలా అని టెన్షన్. అందరూ చెప్పినట్టు కంటెంట్ పిల్లర్లు, అంటే పోస్టులన్నీ తిరగాల్సిన కొన్ని అంశాలు, కూడా పెట్టుకున్నాను: చిట్కాలు, మోటివేషన్, తెర వెనక సంగతులు, ప్రొడక్ట్ విశేషాలు. అయినా ఏమీ తోచడం లేదు. తప్పు ఎక్కడుంది?

జవాబు: మీరు పెట్టుకున్న నాలుగూ పోస్టు ఏ రూపంలో ఉండాలో చెబుతాయి, దేని గురించో చెప్పవు. చిట్కా అంటే దేనికి చిట్కా? అది మళ్లీ మీరే ఆలోచించుకోవాలి. మొదటి రెండు నెలలు అప్పటికే మనసులో ఉన్న మాటలతో గడిచిపోయాయి. అవి అయిపోయాక పిల్లర్ పేరు ఎంతసేపు చూసినా కొత్తగా ఏమీ రాదు.

పిల్లర్ అనిపించుకోవాలంటే రెండు ఉండాలి. ఒకటి, మీ కస్టమర్ తరచూ తేల్చుకోవలసి వచ్చే విషయం. రెండోది, ఆ విషయంలో ప్రతి వారం కొత్త సరుకు తెచ్చే చోటు. ఈ రెండోది చాలామంది మరచిపోతారు. విషయం ఎంత మంచిదైనా, దానికి సంబంధించిన ప్రశ్నలు మీకు ఎక్కడి నుంచీ రాకపోతే నెల తిరక్కుండానే ఎండిపోతుంది. (సెర్చ్ కోసం రాసేవాళ్లు పిల్లర్ పేజ్ అనే మాట వాడతారు. అది వెబ్‌సైట్‌లో ఒక పెద్ద పేజీ పెట్టి, దానికి చిన్న పేజీలను లింక్ చేసే పద్ధతి. రెండూ కలిపేసుకోకండి.)

కాబట్టి పేర్లతో మొదలుపెట్టకండి. గత మూడు నెలల్లో మీకొచ్చిన సపోర్ట్ మెయిళ్లు, చాట్‌లు, డెమో కాల్స్‌లో రాసుకున్న నోట్స్, యాప్ మానేసినవాళ్లు చెప్పిన కారణాలు ముందు పెట్టుకోండి. ఒక్కోదాన్నీ ఒక్క వాక్యంగా ఒక షీట్‌లోకి ఎక్కించండి. వాళ్లు అన్న మాటల్లోనే రాయండి, మీ భాషలోకి మార్చొద్దు. ‘పేమెంట్ ఫాలోఅప్ సమస్య’ అని రాసుకుంటే పోస్టు పుట్టదు. ‘రెండు మెయిళ్లు పెట్టాను, మూడోది పెడితే క్లయింట్‌కు కోపం వస్తుందేమో’ అని ఉంటే సగం పోస్టు అప్పుడే తయారైనట్టు. నలభై వాక్యాలు పోగైతే పని మొదలుపెట్టొచ్చు.

మీ షీట్ ఎలా ఉండొచ్చో ఊహించి చెబుతాను. ‘అడ్వాన్స్ అడిగితే పని చేజారిపోతుందేమో.’ ‘నాలుగోసారి మార్పులు అడుగుతున్నారు, దానికి విడిగా బిల్లు వేయొచ్చా?’ ‘ఇన్‌వాయిస్ ఎవరి పేరు మీద రాయాలి, మాట్లాడిన మనిషి పేరా, కంపెనీ పేరా?’ ‘అకౌంట్స్ వాళ్ల దగ్గర ఆగిందంటున్నారు, నిజమేనా?’ ఇలాంటివి వస్తాయి. వీటిని మీ యాప్‌లోని ఫీచర్ల ప్రకారం విడదీయాలనిపిస్తుంది. అలా చేయకండి. ఆ మనిషి ఆ సమయానికి పనిలో ఏ దశలో ఉన్నాడో దాన్నిబట్టి విడదీయండి. అప్పుడు మూడు కుప్పలు తేలతాయి: పని ఒప్పుకునే ముందు మాట్లాడుకోవలసినవి, ఇన్‌వాయిస్ వెళ్లాక క్లయింట్ ఆఫీసులో జరిగేవి, గడువు దాటాక డబ్బు అడగడం. నాలుగోదిగా మీ సొంత నిర్ణయాలు పెట్టుకోండి, అంటే యాప్‌లో ఫలానాది ఎందుకు అలా చేశారు, ఏది కావాలనే చేయలేదు అన్నవి. ఒక్క మనిషి నడిపే పనికి నాలుగు దాటితే మోయలేరు.

ఇప్పుడు ఒక్కో కుప్ప పక్కన దాని సరుకు ఎక్కడి నుంచి వస్తుందో రాయండి. మొదటిదానికి డెమో కాల్స్, రెండోదానికి సపోర్ట్ మెయిళ్లు, మూడోదానికి మీ యూజర్లు తమ క్లయింట్లకు రాసుకునే రిమైండర్లు (వాళ్లు అనుమతిస్తేనే), నాలుగోదానికి మీరు యాప్‌లో చేసిన మార్పుల జాబితా. పక్కన రాయడానికి ఏమీ దొరకకపోతే అది పిల్లర్ కాదు, ఒకటి రెండు పోస్టులకు పనికొచ్చే విషయం మాత్రమే.

ఇంకో పరీక్ష ఉంది. ఒక్కో పిల్లర్ మీద ఇరవై నిమిషాలు కూర్చుని పోస్టు హెడ్డింగులు రాయండి. పది దాటాలి. ఆరు దగ్గరే ఆగిపోతే ఆ పిల్లర్ మరీ ఇరుకు, పక్కదాంట్లో కలిపేయండి. అలాకాకుండా ముప్పై వచ్చి, వాటిలో సగం మీ యాప్ గురించి ఎన్నడూ వినని ఎవరైనా రాయగలిగినవే అయితే అది మరీ వెడల్పు. ‘ఫ్రీలాన్సింగ్’ అని పిల్లర్ పెట్టుకున్నవాళ్లకు ఇదే జరుగుతుంది.

ఇక ఒక వాక్యం నుంచి ఎన్ని పోస్టులు వస్తాయో చూద్దాం. ఇందాకటి ‘మూడో మెయిల్’ వాక్యమే తీసుకోండి. మొదటి పోస్టులో ఆ మెయిల్‌నే చూపించండి: ‘ఇన్‌వాయిస్ నంబర్ 14 గడువు 10వ తేదీతో ముగిసింది. చెల్లింపు ఏ తేదీన వస్తుందో తెలియజేయగలరా?’ ఇందులో డబ్బు ఇవ్వమనడం లేదు, తేదీ అడుగుతున్నాం. తేదీ చెప్పడం అవతలివాళ్లకు తేలిక. చెప్పాక ఆ రోజు దాటితే తర్వాతి మెయిల్ రాయడం మీకూ తేలిక. ఇంతే పోస్టు.

రెండో పోస్టు, అసలు రెండు మెయిళ్లకూ జవాబు ఎందుకు రాలేదన్నది. చాలా కంపెనీల్లో పని చేయించుకునే మనిషి వేరు, బిల్లు ఆమోదించే మనిషి వేరు, డబ్బు పంపే మనిషి వేరు. డిజైనర్ మాత్రం తనకు తెలిసిన ఒక్కరికే రాస్తూ ఉంటాడు. పర్చేజ్ ఆర్డర్ నంబర్, అంటే ఆ పనికి కంపెనీ ఇచ్చిన ఆర్డర్ నంబర్, వేయలేదని ఇన్‌వాయిస్ అకౌంట్స్‌లో పక్కన పడి ఉండొచ్చు, ఆ సంగతి ఇతనికి ఎవరూ చెప్పి ఉండరు. ఇది రెండో పిల్లర్‌లోకి వెళ్తుంది.

మూడోది, అడగకూడని సందర్భం. ‘30 రోజుల్లో చెల్లింపు’ అని ఒప్పుకున్నప్పుడు ఆ రోజులు ఇన్‌వాయిస్ మీది తేదీ నుంచా, అది అవతలివాళ్లకు చేరిన తేదీ నుంచా అన్నది ముందే రాసుకోకపోతే ఇద్దరూ తమదే సరైన లెక్క అనుకుంటారు. గడువు రాకముందే రిమైండర్ వెళ్తే అప్పుడు నిజంగానే కోపం వస్తుంది. నాలుగోది, మూడో మెయిల్ అవసరమే రాకుండా పని ఒప్పుకునేటప్పుడు ఏం రాసుకోవాలన్నది. ఇది మొదటి పిల్లర్. ఐదోది మీ నిర్ణయం: మూడో రిమైండర్‌ను యాప్ తనంతట తాను పంపాలా, యూజర్ నొక్కితేనే పంపాలా, మీరు ఏది ఎంచుకున్నారు, ఎందుకు.

చూశారా, ఒక్క వాక్యం నాలుగు పిల్లర్లనూ తాకింది. ఈ ఐదూ వరసగా ఒకే వారంలో పెట్టకండి, చదివేవాళ్లకు విసుగు పుడుతుంది. నెల రోజుల్లో అక్కడక్కడా సర్దండి. వారానికి మూడు పోస్టులన్నారు కాబట్టి అన్ని పిల్లర్లకూ సమానంగా వంతులు వేయాలని కూడా లేదు. జనం మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేది డబ్బు ఆగినప్పుడు. రెండు పోస్టులు ఇన్‌వాయిస్, వసూళ్ల మీదే ఉండనివ్వండి. మూడోది మిగతా రెండు పిల్లర్ల మధ్య వారం మార్చి వారం తిరగనివ్వండి.

చెప్పిందే చెబుతున్నానేమో అన్న భయం మీకు త్వరలోనే వస్తుంది. మీ ప్రతి పోస్టూ చదివేది మీరొక్కరే. కొత్త కస్టమర్, కొత్త సందర్భం ఉంటే అదే మాట మళ్లీ చెప్పొచ్చు. పాత పోస్టును అక్షరం మార్చకుండా తిప్పి పెట్టడం మాత్రం వద్దు.

ఆదివారం సాయంత్రం సంగతి. ఆలోచన, రాత రెండూ ఒకేసారి పెట్టుకోవడం వల్లే ఆ టెన్షన్. షీట్‌లోకి వాక్యం ఎక్కించడం మెయిల్‌కు జవాబిచ్చిన వెంటనే జరగాలి, అర నిమిషం పని. వారంలో ఒక గంట కేటాయించి మూడు వాక్యాలు ఎంచుకుని రాయండి. షీట్‌లో వాడని వాక్యాలు ఎప్పుడూ పదికి తగ్గకుండా చూసుకోండి. తగ్గాయంటే రాయడం రాక కాదు, కస్టమర్లతో మాట్లాడటం తగ్గింది. అప్పుడు ఖాళీ డాక్యుమెంట్ ముందు కూర్చోకుండా ఇద్దరు యూజర్లకు ఫోన్ చేసి, చివరిసారి డబ్బు ఆలస్యమైనప్పుడు ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పమనండి. ఇంకా యూజర్లు పెద్దగా లేకపోతే మీలాంటి ఇతర యాప్‌ల కింద జనం రాసిన రివ్యూలు చదవండి. రెండు, మూడు స్టార్లు ఇచ్చినవాళ్లు తరచూ వివరంగా రాస్తారు.

ఒక ప్రమాదం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. మీ నాలుగో పిల్లర్‌కు, అంటే యాప్ కట్టిన కథలకు, లైకులు ఎక్కువ రావచ్చు. అవి ఎవరివో చూడండి. మీలాగే సొంతంగా ఏదో కడుతున్న ఫౌండర్లవే అయి ఉంటాయి. వాళ్లు మీ యాప్ కొనరు. లైకుల వెంటపడి ఆ పిల్లర్‌నే పెంచుకుంటూ పోతే ఆరు నెలల్లో మీ చుట్టూ ఫౌండర్లు ఉంటారు, డిజైనర్లు ఉండరు. నెలకోసారి చివరి ముప్పై కామెంట్లు తెరిచి, అందులో ఎంతమంది ఇన్‌వాయిస్ పంపుకునేవాళ్లో లెక్కపెట్టండి. మూడో వంతు కూడా లేకపోతే ఆ పిల్లర్‌ను నెలకు ఒక్క పోస్టుకు తగ్గించండి. లైకులు పడిపోతాయి, పడనివ్వండి.

కస్టమర్ మాటలు వాడేటప్పుడు పేరు తీసేస్తే సరిపోదు. బిల్లు మొత్తం, క్లయింట్ వ్యాపారం, నెల ఈ మూడూ కలిస్తే ఎవరో తెలిసిపోతుంది. వీటిలో రెండు మార్చండి, లేదా రాసింది వాళ్లకు చూపించి ఒప్పుకున్నాకే పెట్టండి.

మీ ఇంట్లోవాళ్లు ఉద్యోగం మాట ఎత్తుతూ ఉండొచ్చు కాబట్టి ఇదొక్కటి. రేపు మీరు ప్రొడక్ట్ లేదా మార్కెటింగ్ ఉద్యోగానికి వెళ్లాలనుకుంటే ఈ షీట్‌ను పేర్లు తీసేసి దాచుకోండి. ఏ ప్రశ్న నుంచి ఏ పోస్టు వచ్చింది, దాన్ని చూసి ఎవరు యాప్‌లో చేరారు అని చూపించగలిగితే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి కావలసినంత ఉంటుంది.

పిల్లర్లను మూడు నెలల పాటు కదిలించకండి. ఆ తర్వాత నాలుగు వారాలుగా ఒక్క కొత్త వాక్యం కూడా రాని పిల్లర్ ఉంటే తీసేయండి. రెండు, మూడు వారాలుగా ఏ కుప్పలోనూ ఇమడని ప్రశ్నలు షీట్ అడుగున పోగవుతుంటే, ఉదాహరణకు ‘మేం ముగ్గురం కలిసి పని చేస్తాం, ఇన్‌వాయిస్ ఒకరే పంపితే వాటాలు ఎలా?’ లాంటివి, కొత్త పిల్లర్‌ను అక్కడి నుంచే తీసుకోండి.