ప్యాకేజీలో 60 వేలు ఎక్కువ, కానీ బీమా కాగితం చూశారా?

ప్రశ్న: రెండు ఆఫర్లు వచ్చాయి. మొదటిది ఏడాదికి 12 లక్షలు, 18 సెలవులు. అమ్మానాన్నలకు బీమా కావాలంటే ప్రీమియం 32 వేలు నా జీతంలోంచే కోస్తారట. రెండోది 11.4 లక్షలు, 24 సెలవులు, తల్లిదండ్రుల ప్రీమియం కంపెనీదే. మొదటిదే మేలు కదండీ?

జవాబు: ముందు ఆ 60 వేల తేడా చేతికి ఎంత వస్తుందో చూడండి. మీ పన్ను 20 శాతం అనుకుంటే మిగిలేది 48 వేలు. అందులో ప్రీమియం 32 వేలు పోతే 16 వేలు. అంటే నెలకు పదమూడు వందల చిల్లర.

ఇక అసలు చూడాల్సింది పాలసీ షరతులు. కవరేజి 5 లక్షలని ఆఫర్ లెటర్‌లో రాస్తారు గానీ, గది అద్దె పరిమితి, బిల్లులో మన వాటాగా కట్టాల్సిన కో-పే సంగతి అందులో ఉండదు. పరిమితి రోజుకు 5 వేలుండగా మీ నాన్నగారిని 8 వేల గదిలో చేర్చారనుకోండి. నష్టం రోజుకు 3 వేలే అనుకుంటాం. కానీ చాలా పాలసీల్లో డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ వంటి ఖర్చుల్ని కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తారు. అవి 1.6 లక్షలైతే ఎనిమిదింట అయిదు వంతులు, అంటే లక్ష మాత్రమే లెక్కలోకి వస్తుంది. దానిమీద 20 శాతం కో-పే ఉంటే మరో 20 వేలు మీవే. గది అద్దె తేడా కలపకుండానే 80 వేలు చేతినుంచి పడ్డాయి. ఒక్కసారి ఆసుపత్రిలో చేరితే మీ 16 వేల లాభం అయిదేళ్లది తుడిచిపెట్టుకుపోతుంది.

అయితే రెండో కంపెనీ పాలసీలోనూ ఇవే షరతులు ఉండొచ్చు. ప్రీమియం ఎవరు కట్టినా కో-పే కో-పేనే. అందుకే ఇద్దరు హెచ్ఆర్‌లకూ ఒకే మెయిల్ పంపండి: తల్లిదండ్రులకు గది అద్దె పరిమితి ఎంత, కో-పే ఎంత, ముందునుంచీ ఉన్న బీపీ, షుగర్‌లకు బీమా వర్తించని వెయిటింగ్ పీరియడ్ ఉందా, చేరాక ఎన్ని రోజుల్లోపు వాళ్ల పేర్లు చేర్పించాలి? ఈ చివరి గడువు దాటితే చాలాచోట్ల మళ్లీ పాలసీ రెన్యువల్ దాకా ఆగాల్సిందే. కంపెనీ తన వంతు కట్టే ప్రీమియాన్ని ప్యాకేజీలోనే కలిపి చూపించారేమో కూడా అడగండి. అలా కలిపితే 12 లక్షలు 12 లక్షలు కావు.

సెలవుల్లో తేడా ఆరు రోజులు. వాడుకుంటే అది విశ్రాంతి. వాడుకోలేకపోతే డబ్బిస్తారా, ఎన్ని రోజులు మరుసటి ఏడాదికి మోసుకెళ్లొచ్చు అన్నది చూడాలి. డబ్బు సాధారణంగా బేసిక్ మీదే లెక్కకడతారు. రెండో ఆఫర్‌లో బేసిక్ నెలకు 47,500 అయితే, దాన్ని 30తో భాగిస్తే రోజుకు సుమారు 1,583. ఆరు రోజులకు 9,500, అదీ పన్నుకు ముందు. మొత్తం జీతంతో లెక్కేసుకుంటే ఇంతకు రెట్టింపు కనబడి మోసపోతారు.

రెండు చోట్లా షరతులు ఒకలాగే ఉంటే నా ఓటు రెండోదానికే. ఆ పాలసీలో కో-పే ఉండి, మొదటిదాంట్లో లేకపోతే మాత్రం మొదటిదే తీసుకోండి.