కోపమే రాని బాబాయికి అందరిలోనూ కోపమే కనిపిస్తుంది

ప్రశ్న: ఎదుటివాళ్లలో మనకు నచ్చని గుణం నిజానికి మనలోదే అంటారు. మనస్తత్వవేత్త యూంగ్ చెప్పిన షాడో, అంటే నీడ, ఇదేనా? అలాగైతే నాకు గిట్టని ప్రతి ఒక్కరూ నా నీడేనా?

కాదు. అప్పు ఎగ్గొట్టినవాడి మీద మీకు ఒళ్లు మండితే, వాడు ఎగ్గొట్టాడు కాబట్టి మండింది. అందులో మీ నీడ ఏమీ లేదు. ‘లోకం అద్దం, కనిపించేదంతా నువ్వే’ అని చెప్పేవాళ్లంటే నాకు మహా చిరాకు. మోసపోయినవాడిని పట్టుకుని ‘నీలో ఏముందో చూసుకో’ అనడం దారుణం. యూంగ్ ఆ మాట అనలేదు.

మరి ఏమన్నాడో నాకు మా బాబాయిని చూస్తేనే అర్థమైంది. ఆయనకు కోపం రాదు. ఇది మా ఇంట్లో అందరూ ఒప్పుకున్న సత్యం, అందరికంటే ముందు ఆయన ఒప్పుకున్నది. ఎవరితోనైనా పరిచయమైన కాసేపటికే ‘నాకు కోపమన్నది తెలీదండీ’ అనేస్తాడు. విచిత్రమేమిటంటే, ఆయన చుట్టూ ఉన్నవాళ్లంతా ఎప్పుడూ కోపంగానే ఉంటారు, ఆయన లెక్క ప్రకారం. ‘సరే’ అని పొడిగా మెసేజ్ పెడితే కోపం. తలుపు గాలికి కొట్టుకుంటే, వేసినవాళ్లకు కోపం.

ఒకసారి అందరం ప్రయాణానికి తయారై కూర్చున్నాం. కారు తీసుకురావలసిన మా తమ్ముడు, అంటే బాబాయి కొడుకు, గంట దాటినా రాలేదు. ఫోనూ ఎత్తలేదు. బాబాయి పేపరు మడతపెడుతున్నాడు. మడత మీద బొటనవేలి గోరుతో గట్టిగా గీసి, మళ్లీ విప్పి, మళ్లీ మడుస్తున్నాడు. నేను ఫోన్‌లో ఏదో చదువుకుంటున్నాను.

‘ఏమ్మా, కోపంగా ఉన్నావా?’ అన్నాడు.

‘లేదు బాబాయ్.’

కాసేపాగి, ‘వాడు లేటు చేశాడని కోపం వచ్చింది కదూ?’

‘లేదు, చదువుకుంటున్నా.’

‘మొహం చూస్తే తెలుస్తోందిలే. కోపం ఆరోగ్యానికి మంచిది కాదమ్మా.’

మూడోసారికి నా గొంతు లేచింది. ‘లేదని చెప్తున్నానా!’ అన్నాను. ఆయన పిన్ని వైపు తిరిగి, చాలా శాంతంగా, ‘చూశావా, నేను మంచిగానే అడిగాను’ అన్నాడు. ఆ క్షణంలో ఆయన మొహంలో ఏదో భారం దిగినట్టు కనిపించింది. తర్వాత తమ్ముడు నవ్వుతూ లోపలికొచ్చి సారీ చెబుతుంటే, వాడినీ అదే మాట అడిగాడు: ‘అంత చిరాకెందుకురా?’

అక్కడ కోపం రావలసిన మనిషి ఒక్కడే. గంటకు పైగా ఎదురుచూసి, ఫోన్ చేసీ చేసీ విసిగినవాడు. ఆ కోపం న్యాయమైనదే కూడా. అది వేలి గోటిలో ఉంది, నోట్లో లేదు. ఉండడానికి వీల్లేదు, ఎందుకంటే మా తాతగారు కోపమొస్తే చేతికందింది విసిరేసేవారట. ఆ ఇంట్లో పెరిగిన పిల్లాడు ‘నేను మాత్రం అలా ఉండను’ అనుకున్నాడు. అనుకోవడం మంచిదే. కానీ విసరడంతో పాటు కోపాన్నే తనది కాకుండా చేసేసుకున్నాడు. అలా ‘ఇది నేను కాదు’ అని గడప బయట పెట్టేసిన దాన్నే యూంగ్ షాడో అన్నాడు. బయట పెట్టినంత మాత్రాన అది పోదు. ఎదురుగా ఉన్న మనిషిలో కనిపించడం మొదలుపెడుతుంది. ప్రొజెక్షన్ అంటే అదే.

దీన్ని గుమ్మడికాయ దొంగ భుజాలు తడుముకోవడంతో పోల్చేస్తుంటారు. నా దృష్టిలో అది పూర్తిగా వేరు. ఆ దొంగకు తాను దొంగిలించిన సంగతి తెలుసు. బాబాయికి తెలీదు. ఆయన నటించడం లేదు, నిజంగానే నా మొహంలో కోపం చూశాడు. 1951లో వచ్చిన ‘అయాన్’ పుస్తకంలో యూంగ్ ఈ సంగతే చెబుతాడు: ప్రొజెక్షన్ చేసేది మన తెలివిలో ఉన్న మనసు కాదు, దానికి తెలియని భాగం. కాబట్టి మనం ప్రొజెక్షన్ ‘చెయ్యం’, అది బయట మనకు ఎదురవుతుంది. అందుకే వాదనలో ‘అది నీ ప్రొజెక్షన్’ అని ఎదుటివాడి మీదకు విసరడం శుద్ధ దండగ. వాడు చూస్తున్నది వాడికి నిజం. పైగా అలా విసిరేవాళ్లలో సగం మంది అప్పుడు చేస్తున్నది అదే అని నా గట్టి అనుమానం.

అణిచిపెట్టినకొద్దీ బయట ఎందుకు కనిపిస్తుంది? 1997లో లియనార్డ్ న్యూమన్, రాయ్ బామీస్టర్ తదితర మనస్తత్వ పరిశోధకులు అమెరికాలో దీన్ని ప్రయోగం చేసి చూశారు. ‘మీలో ఉంది’ అని పరిశోధకులు చెప్పిన ఒక చెడ్డ గుణం గురించి ఆలోచించవద్దని కొందరిని అడిగి, తర్వాత ఒక మనిషి వీడియో చూపించారు. వద్దనుకున్న ఆ గుణమే వాళ్లకు ఆ మనిషిలో ఎక్కువగా కనిపించింది. దేన్ని లోపలికి రానివ్వకూడదనుకుంటామో దానికోసం మనసు నిత్యం కాపలా కాస్తుంది, కాపలా కాసేవాడికి అదే కనబడుతుంది అని వాళ్ల వివరణ. యూంగ్ చెప్పిన నీడ అంతా ఇందులో రుజువైపోలేదు గానీ, బాబాయి పేపరు మడతకు మాత్రం ఇది నాకు సరిపోయింది.

ఇక మీ అసలు అనుమానం: ఏది నీడ, ఏది న్యాయమైన అయిష్టం? ఎదుటివాడిలో ఆ గుణం ఉందా లేదా అన్నది పరీక్ష కాదు. తరచు కొంచెం ఉంటుంది కూడా. తగిలించడానికి ఒక కొక్కెం కావాలి కదా. మూడోసారికి నాకూ కోపం వచ్చింది, ఆయన అనుమానం నిజమైంది. చూడవలసింది కొలత. జరిగినదానికి మించి ఎంత వేడెక్కాం? మనుషులు మారినా ఫిర్యాదు అదేనా? ‘కాదు’ అని వాళ్లు చెప్పినా, వాళ్ల మనసులో ఏముందో వాళ్లకంటే మనకే బాగా తెలుసన్న నమ్మకం కదలడం లేదా? ఈ మూడోది ఉంటే నేనైతే దాదాపు నీడే అనుకుంటాను. అప్పు ఎగ్గొట్టినవాడి విషయంలో ఇవేవీ ఉండవు. వాడు డబ్బు తిరిగిచ్చిన రోజున మీ మంట చల్లారుతుంది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. షాడో అనగానే చెత్తంతా అందులోనే ఉందనుకుంటారు. అందులో మంచి గుణాలు, మామూలు సహజ స్పందనలు కూడా ఉంటాయని యూంగే రాశాడు. బాబాయి కోపంతో పాటు ‘వద్దు’ అనే శక్తిని కూడా బయట పెట్టేశాడు. ఇచ్చిన వస్తువు తిరిగి అడగలేడు. పని నెత్తిన వేస్తే కాదనలేడు. ఆయన తరఫున అడగడానికి, కాదనడానికి పిన్ని ఉంది. లోకం ఆమెను కోపిష్టి అంటుంది, ఆయన్ని దేవుడంటుంది. ఆ ఇంట్లో నాకు ఒళ్లు మండేది ఈ పంపకం చూస్తేనే.

అవతల వైపు ఉన్నవాళ్లు ఏం చెయ్యాలన్నది మీరు అడగలేదు, అయినా చెబుతాను. ‘కోపం నీకే’ అని తిప్పికొట్టకండి, నేను చేసి చూశాను, ఆయన మరింత శాంతమైపోయాడు. ఇప్పుడు నేను ‘నాకు లేదు’ అని ఒక్కసారే చెప్పి, సంగతి మీదకు వస్తాను: ‘వాడు గంట లేటు బాబాయ్, ఫోన్ కూడా చెయ్యలేదు. ఎవరికైనా విసుగొస్తుంది.’ కోపమన్న మాట ఎత్తను. ఈ మధ్య ఒకసారి అలా అంటే, ఆయన కాసేపు ఊరుకుని, ‘చెప్పి ఉండాల్సింది వెధవ’ అన్నాడు. పిన్ని వంటింట్లోంచి తొంగిచూసింది.