హోమ్ ట్యూషన్: గంట ఫీజు లెక్క

"గంటకు ఫీజు బాగానే తీసుకుంటున్నాను, అయినా నెలాఖరుకు ఏమీ మిగలట్లేదు. ఎంత అడగాలి?"

మీరు పాఠం చెప్పిన గంటనే లెక్కేస్తున్నట్టున్నారు. ఇలా చేసి చూడండి.

1. ఒక క్లాసుకు పట్టే మొత్తం సమయం రాయండి. పాఠం 60 నిమిషాలు, రానుపోను 40, ప్రిపరేషన్ 20 అనుకుంటే 2 గంటలు.

2. చాలామంది వదిలేసేది ఇదే: రద్దైన క్లాసులు. నెలకు 8 క్లాసులు అనుకుంటే 2 రద్దయ్యాయి. జరిగిన ఆరింటికి 12 గంటలు. రద్దైన రెండింటికీ ప్రిపరేషన్ అయిపోయింది, అది 40 నిమిషాలు. ఒకసారైతే గుమ్మం దాకా వెళ్లాక "బాబుకు జ్వరం" అన్నారు, ఆ దారి ఇంకో 40. మొత్తం 13 గంటల 20 నిమిషాలు.

3. దీన్ని 8తో కాదు, డబ్బు వచ్చిన 6తో భాగించండి. సుమారు 2.2 వస్తుంది. మీ గంట శ్రమకు ఎంత రావాలనుకుంటున్నారో దాన్ని 2.2తో గుణిస్తే అడగాల్సిన ఫీజు. 8తో భాగిస్తే 1.7 దగ్గరే ఆగిపోతారు, మీ నష్టమంతా అక్కడే.

4. ప్రయాణ ఖర్చు విడిగా కలపండి.

ఆలస్యంగా రద్దు చేస్తే పూర్తి ఫీజు అని ముందే ఒప్పుకుంటే మాత్రం ఆ క్లాసుల్ని డబ్బు వచ్చినవాటిలో కలిపి భాగించండి. లేదంటే ఒకే నష్టాన్ని రెండుసార్లు వసూలు చేసినట్టవుతుంది, అది పిల్లల తల్లిదండ్రులకు అన్యాయం.