డీమ్యాట్ స్టేట్‌మెంట్‌లో ఏఎంసీ, డీపీ ఛార్జీలు ఎందుకు పడ్డాయి?

ప్రశ్న: మాది రాయగడ. ఈ ఏడాదే డీమ్యాట్ ఖాతా తెరిచి పాతిక వేలకు షేర్లు కొన్నాను, కొన్ని అమ్మాను. లెడ్జర్‌లో ఏఎంసీ అని 354 రూపాయలు, డీపీ ఛార్జీ అని 15.34 చొప్పున నాలుగుసార్లు కట్ అయింది. కాంట్రాక్ట్ నోట్‌లో ఇవేవీ లేవు. మోసమా?

జవాబు: మోసం కాదండీ. కాంట్రాక్ట్ నోట్‌లో బ్రోకరేజీ, ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను, స్టాంప్ డ్యూటీ లాంటివే ఉంటాయి. ఏఎంసీ అంటే ఖాతా నిర్వహణకు తీసుకునే ఏడాది రుసుము. డీపీ అంటే డిపాజిటరీ పార్టిసిపెంట్, మీ డీమ్యాట్ ఖాతా నడిపే బ్రోకర్ లేదా బ్యాంకు. ఈ రెండూ షేర్లు దాచిపెట్టే ఖాతాకు సంబంధించినవి, అందుకే నేరుగా లెడ్జర్‌లో పడతాయి. అయితే డీపీ ఛార్జీ తప్పదు గానీ, ఆ 354 మాత్రం మీరు కట్టనక్కర్లేనిది కావచ్చు.

ముందు చిన్నది చెప్తాను. డీపీ ఛార్జీ కొన్నప్పుడు పడదు. డెలివరీ షేర్లు, అంటే కొన్నరోజే అమ్మేయకుండా ఖాతాలో ఉంచుకున్నవి అమ్మి, అవి ఖాతాలోంచి బయటికి వెళ్లినప్పుడే పడుతుంది. ఒక కంపెనీకి, ఒక రోజుకి ఒకసారి. ఒక్క షేరు అమ్మినా వంద అమ్మినా అంతే. మీకు పడింది 13 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్‌టీ 2.34. ఒకే కంపెనీ షేర్లు నాలుగు రోజులు కొంచెం కొంచెంగా అమ్మి ఉంటే 61.36 అయింది. అవే ఒక్కరోజు అమ్మితే 15.34తో సరిపోయేది. నాలుగు వేర్వేరు కంపెనీలవైతే ఒకే రోజు అమ్మినా నాలుగూ పడతాయి. వంద రూపాయల షేరు ఒక్కటి అమ్మి చూద్దామనుకుంటే పదిహేను శాతం అక్కడే పోతుంది, అది గుర్తుంచుకోండి.

ఇక ఏఎంసీ. 300కు జీఎస్‌టీ కలిపితే 354. ఇది మామూలు డీమ్యాట్ ఖాతా రేటు. సెబీ నియమం ప్రకారం బేసిక్ సర్వీసెస్ డీమ్యాట్ ఖాతా, అంటే బీఎస్‌డీఏ అని ఇంకో రకం ఉంది. 2024 సెప్టెంబర్ 1 నుంచి అందులో నిల్వ విలువ 4 లక్షల దాకా ఏఎంసీ సున్నా. 4 నుంచి 10 లక్షల దాకా ఏడాదికి 100 రూపాయలకు మించకూడదు, పన్ను వేరు. మీ పాతిక వేలకు సున్నాయే రావాలి. పైగా అర్హత ఉన్నవాళ్లకు డీపీలు బీఎస్‌డీఏనే ఇవ్వాలి. మామూలు ఖాతా కావాలని మీరే ఒప్పుకుంటే తప్ప.

మరి ఎందుకు పడింది? నాకు తెలిసి ఎక్కువగా కనిపించే కారణం ఇంకో డీమ్యాట్ ఉండటం. అన్ని డీపీల దగ్గర కలిపి మీరు మొదటి ఖాతాదారుగా ఉన్నది ఒక్కటే ఉండాలి. రెండోది ఖాళీగా ఉన్నా అర్హత పోతుంది.

పర్లాకిమిడిలో మా చెల్లెలికి ఇదే జరిగింది. ఫోన్‌లో తెరిచిన ఖాతాలో 40 వేల లోపు షేర్లు, ఏటా 354 కోత. బ్యాంకులో సేవింగ్స్ ఖాతా తెరిచినప్పుడు ఫారం ఇంగ్లీషులో, వివరణ ఒడియాలో. మా ఇంట్లో తెలుగే. చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. దాంతోపాటు ఒక డీమ్యాట్ కూడా తెరిచేశారని తర్వాత తెలిసింది. ఎలాగంటే, షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరిచే సంస్థ, అంటే డిపాజిటరీ పంపే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్‌లో. ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ నుంచి ఈమెయిల్‌కి వస్తుంది, పాస్‌వర్డ్ పాన్ నంబరు. మీ పాన్ మీద ఉన్న డీమ్యాట్ ఖాతాలన్నీ అందులో వరుసగా ఉంటాయి. మీరూ ముందు అది తెరవండి.

బ్యాంకు తెరిచిన డీమ్యాట్ ఖాళీది కాబట్టి మూసేయమని ఫారం ఇచ్చాం. మొదటిసారి తిప్పి పంపారు. తెరిచేటప్పుడు తెలుగులో సంతకం చేసింది, ఇప్పుడు ఇంగ్లీషులో చేసింది. తెలుగు సంతకంతో మళ్లీ ఇస్తే మూశారు. మూసినట్టు కాగితం తీసుకుని, ఫోన్‌లో తెరిచిన ఖాతా డీపీకి రిజిస్టర్డ్ ఈమెయిల్ నుంచి బీఎస్‌డీఏగా మార్చమని రాశాం. అప్పటికే కోసిన డబ్బు తిరిగి రాలేదు గానీ, తర్వాతి బిల్లులో ఏఎంసీ లేదు.

మీ రెండో ఖాతాలో షేర్లుంటే వాటిని అమ్మకండి. మూసివేత ఫారంతోనే ఉంచుకునే ఖాతాకు బదిలీ అడగండి, ఆ ఖాతా వివరాలుండే క్లయింట్ మాస్టర్ కాపీ జత చేయాలి. రెండూ ఒకే పేరు, ఒకే పాన్ మీద ఉంటే ఆ బదిలీకి ఛార్జీ తీసుకోకూడదు. మూసే ఖాతాకు ఏడాది ఏఎంసీ ముందే కట్టి ఉంటే, మిగిలిన త్రైమాసికాల డబ్బు వెనక్కివ్వాలి, అది కూడా అడగండి.

స్టేట్‌మెంట్‌లో ఒక్క ఖాతానే కనిపిస్తే, మామూలు ఖాతాకు నేను ఒప్పుకున్న ఆధారం చూపించమని డీపీకి రాయండి. సరైన జవాబు రాకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. 21 రోజుల్లో డీపీ దానికి జవాబివ్వాలి. ఆ ఫిర్యాదుకు లెడ్జర్‌లో 354 పడిన పేజీ, స్టేట్‌మెంట్ రెండూ జత చేయండి.