పెదవి మీద పొక్కు మళ్లీ అదే చోట ఎందుకు వస్తుంది?

ప్రశ్న: మూడు నెలలకోసారి కింది పెదవి మీద సరిగ్గా అదే చోట నీటి పొక్కులు వస్తున్నాయి. ఇంట్లో వేడి చేసిందంటున్నారు. టాబ్లెట్ వేసుకుంటే పూర్తిగా పోతుందా?

పూర్తిగా పోదు. కానీ వేళకు వేసుకుంటే పని చేస్తుంది. ఆ వేళ ఏదో తెలియక నేను రెండేళ్లు అవస్థ పడ్డాను.

మాది విశాఖే. ఓ ఆదివారం పొద్దున 10 నుంచి సాయంత్రం 4 దాకా రుషికొండ బీచ్‌లో ఉన్నాం. మంగళవారం రాత్రి పెదవి ఎడమ పక్కన చిమచిమ మొదలైంది. తెల్లారేసరికి నాలుగైదు చిన్న నీటి పొక్కులు గుత్తిగా లేచాయి. అమ్మ ‘పురుగు పాకింది’ అంది. నేను టూత్‌పేస్ట్ రాశాను, మంట తప్ప ఏమీ మిగల్లేదు. శుక్రవారం డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి పొక్కులు చితికి పుండు పడింది. ‘ఇప్పుడు టాబ్లెట్ వేసినా పెద్దగా లాభం లేదు, ఆలస్యమైంది’ అన్నారాయన. పది రోజులు పట్టింది.

కారణం కూడా ఆయనే చెప్పారు. ఇది హెర్పిస్ సింప్లెక్స్ వైరస్, ఎక్కువగా మొదటి రకం. చాలామందికి చిన్నప్పుడే, ఎవరో పెట్టిన ముద్దుతో అంటుకుంటుంది. తర్వాత నరం వెంట పాకి, పుర్రె అడుగున ట్రైజెమినల్ గ్యాంగ్లియన్ అనే నరాల ముడిలో పడుకుంటుంది. టాబ్లెట్ ఆపేది వైరస్ తనను తాను కాపీ చేసుకునే పనిని. పడుకున్న వైరస్ కాపీలు చేసుకోదు కాబట్టి మందు దాన్ని ఏమీ చేయలేదు. ఎండ, జ్వరం, నిద్రలేమి, టెన్షన్, పీరియడ్స్ లాంటివి తగిలినప్పుడు లేచి, చాలాసార్లు అదే నరం వెంట అదే చోటికి దిగుతుంది. మీకు ఒకే చోట రావడం అందుకే.

కాబట్టి అసలు సమయం చిమచిమ మొదలైన గంటలే. తర్వాతిసారి డాక్టర్ ముందే రాసిచ్చిన వాలాసైక్లోవిర్ ఇంట్లో ఉంది. రాత్రి 9కి 2 గ్రాములు, అంటే 500 మి.గ్రా. బిళ్లలు నాలుగు, మళ్లీ పొద్దున 9కి నాలుగు. అంతే, ఒక్క రోజు కోర్సు. ఒకే పొక్కు లేచి ఐదో రోజుకి ఎండిపోయింది. అందరికీ ఇంత కలిసిరాదు లెండి, సగటున తగ్గేది ఒక రోజే. కిడ్నీ సమస్య ఉంటే డోసు మారుతుంది, గర్భిణులు కూడా అడక్కుండా వేసుకోకూడదు. అందుకే షాపులో సొంతంగా కొనకండి.

చెక్కు కట్టి మానేదాకా పసిపిల్లలకు ముద్దు పెట్టొద్దు. పుండు ముట్టుకున్న చేత్తో కన్ను నలపొద్దు. కన్ను ఎర్రబడి నొప్పి పెడితే అదే రోజు కంటి డాక్టర్‌కి చూపించాలి.

ఏడాదికి ఆరు, అంతకు మించి వచ్చేవాళ్లకు రోజూ చిన్న డోసు రాస్తుంటారు. మీకు నాలుగేగా, ఒక కోర్సు ముందే రాయించుకుని దగ్గర పెట్టుకుంటే చాలు. నేనైతే బీచ్‌కి వెళ్లేటప్పుడు ఎస్‌పీఎఫ్ 30 లిప్‌బామ్ రాసుకుంటున్నాను.